చివరి పేరా క్రింద ఏమున్నది?

స్వానుభవ వ్యాసమును నీతివాక్యముతో ముగించుట మనకు పరిపాటి. ఆ వాక్యమును తీసివేసినచో అక్కడ మిగులునదేమి? బసవనగుడి వేరుసెనగ తిరునాళ్ళను గూర్చిన ఒక వ్యాసము ఆధారముగా ఒక పరిశీలన.

కార్తికమాసపు కడపటి సోమవారమునాడు బెంగళూరు బసవనగుడిలో, దొడ్డబసవన్న దేవాలయము ముందరి వీథి పొడవునను వేరుసెనగకాయలు రాసులుగ పోసి విక్రయించు తిరునాళ్ళు ఈ నగరవాసులకు చిరపరిచితములు. కన్నడిగులు దానిని కడలెకాయి పరిషె అందురు. పూర్వము సుంకేనహళ్ళి రైతుల పంటను రాత్రివేళల ఒక వృషభము మేసిపోవుచుండెననియు, దానిని శాంతింపజేయుటకై తొలిపంటను బసవన్నకు సమర్పించు ఆచారమేర్పడెననియు స్థలపురాణము. సుమారు అరువదేండ్ల క్రిందట మడకశిర ప్రాంతమునుండి తండ్రివెంట ఈ తిరునాళ్ళకు వచ్చి, కాయల రాసి ప్రక్కన గోనెసంచిపై పరుండి రెండు రాత్రులు గడపిన బాలుడొకడు, పెరిగి పెద్దవాడై, ఈ నగరముననే ఒక కర్మాగారమున ఉద్యోగము చేసి విరమించి, ఆ జ్ఞాపకమును ఒక ఉగాది సంచికకై వ్యాసముగ వ్రాసి, అచ్చునకు పంపుటకు ముందు తన మిత్రుడనైన నాకు చదివి వినిపించెను.

వ్యాసము ఎనిమిది పుటలు. కాయలకంటిన ఎఱ్ఱమట్టి వాసన, సేరు కొలతపై మిగిలిన కాయలను తండ్రి అరచేతితో ఒక్క ఊపున చదును చేయుట, బేరమాడువారు కన్నడమున అడుగగా తండ్రి తెలుగున బదులు పలుకుట, అయినను ఒకరిమాట ఒకరికి తెలియుట, ఇవి యన్నియు చూచినవాడు తప్ప వేరొకడు వ్రాయజాలని విధమున ఉండెను. తిరునాళ్ళ రెండవనాటి సాయంకాలము తండ్రి చెప్పగా, బాలుడు సేరు అడుగున ముక్కిపోయిన పాతకాయలు పోసి పైన క్రొత్తకాయలు నింపి ఒక వృద్ధురాలికి అమ్మినట్లును, ఆమె మరునాటి ఉదయము సంచితో తిరిగివచ్చి నిలుచుండి తనవైపు చూచినట్లును ఏడవపుట చివర నుండెను. ఎనిమిదవపుటలో మిగిలినది ఒక్క పేరా. ఆనాటి ఆ చూపు తనకు నిజాయితీ యొక్క విలువను నేర్పినదనియు, జీవితమున మనము ఎంత ఆర్జించితిమన్నది కాక ఎట్లు ఆర్జించితిమన్నదే ముఖ్యమనియు దాని సారాంశము.

"చివరి పేరా తీసేస్తే ఏమవుతుందండీ?" అని అడిగితిని.

"తీసేస్తే ఎట్లండీ! సేరు కొలిచినాక కొసరు వెయ్యకపోతే కొన్నవాడు ఊరుకుంటాడా?" అనెను ఆయన.

ఉపమానము చక్కనిదే కాని, కొసరు వేయువాడు అదే రాసినుండి తీసి వేయును. ఈ పేరా ఆ రాసిలోనిది కాదు. తండ్రి మరణమును గూర్చిన వ్యాసము చివరనో, పోయిన పర్సు దొరికిన వృత్తాంతము చివరనో, ఒకటి రెండు పదములు మార్చి దీనిని అతికింపవచ్చును. ఇట్టి పేరా వ్యాసమునకు అనవసరమైన అలంకారమాత్రమేయైనచో చర్చింపవలసినది అంతగా లేదు, కొట్టివేసిన చాలును. కాని నేను చదివిన వ్రాతప్రతులలో తఱచుగా కనబడినదేమనగా, జ్ఞాపకము ఎక్కడ ఇబ్బంది పెట్టనారంభించునో సరిగా అక్కడనే నీతివాక్యము వచ్చి నిలుచును, నిలిచి, వెనుకనున్న ఒక వాస్తవమును కప్పివేయును. కావున చివరి పేరాను కొట్టివేయుట సగము పని మాత్రమే. అది దేనిని కప్పినదో కనుగొనుట తక్కిన సగము, ముగింపు దొరకునదియు అక్కడనే.

వేమన మూడవ పాదము

ఈ అలవాటు మన చెవులకు బాల్యముననే పట్టినది. వేమన ఆటవెలదులలో జనుల నాలుకలపై నిలిచిన అనేక పద్యముల నడకను గమనించినచో, మొదటి రెండు పాదములలో లోకమున కనబడు ఒక వస్తువో పోలికయో ఉండును, మూడవ పాదమున దానినుండి తేలిన సత్యముండును, నాల్గవది మకుటము. కడపటి సంవత్సరములను ఈ బెంగళూరుననే గడపి 1979లో దివంగతులైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వేమననుగూర్చి ఒక గ్రంథమునకు సరిపోవునంత ఉపన్యసించిరనిన, ఆ మూడవ పాదము పైకి కనబడునంత సులభమైనది కాదని ఊహింపవచ్చును. అయినను దాని బలమునకు ఒక ప్రత్యేక కారణము కలదు. వేమన చెప్పు ఉప్పు ఎవరి యింటి ఉప్పు, కుక్క ఏ వీథి కుక్క అని ఎవ్వరును అడుగరు. ఉదాహరణము అందరి సొత్తు కనుక దానినుండి తీసిన సత్యమును అందరికి చెల్లును. స్వానుభవ వ్యాసమున ఉదాహరణము ఒక్కనిది, ఒక్కదినమునది. ఒక సోమవారమునాడు ఒక బాలునికి జరిగినదానినుండి మానవజాతికంతటికిని చెల్లు సత్యమును ఒక్క అంగలో అందుకొనబోయినప్పుడు నడుమ అగాధమేర్పడును. పాఠకుడు మర్యాదచేత తల యూపును గాని ఆ అగాధము అతనికి కనబడకపోదు.

వ్రతకథల చివరి ఫలశ్రుతి మఱియొక మూలము. ఈ కథ విన్నవారికి ఇట్టి ఫలము కలుగునని చెప్పువాడు తన పూచీపై చెప్పుటలేదు, దేవతయొక్క వాగ్దానమును వల్లించుచున్నాడు. ఆ వాగ్దానము లేని వ్యాసకర్త అదే కంఠస్వరముతో ఫలమును పలికినపుడు ఆ మాటకు హామీ యుండువాడు కానరాడు. పాఠశాలలో ఉపోద్ఘాతము, విషయవివరణము, ఉపసంహారము అను మూడు శీర్షికలు పెట్టనిదే వ్యాసరచనకు మార్కులు పడకపోవుట ఈ రెండింటిపైని పూత.

ఇక నీతికథల మాట. మన నీతికథలన్నియు చివర నీతి చెప్పుననుకొనుట పొరపాటు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో నీతి తఱచుగా కథకు ముందే వచ్చును. ఒక పాత్ర తన వాదమును నిలుపుకొనుటకై ఒక నీతిని పలికి, అట్లు చేయనివాడు ఫలానివానివలె చెడునని చెప్పగా, అదెట్లని రెండవ పాత్ర అడుగును, అప్పుడు కథ మొదలగును. ఆ పలుకువాడు తఱచు దమనకుడను నక్క, అతడు సింహమునకును వృషభమునకును నడుమ వైరము పెట్టదలచినవాడు. అతని నోటినుండి వెలువడు నీతులు చక్కనివే, నిజములు సయితము, కాని ఎవరు ఎందుకు పలుకుచున్నారో పాఠకుడెఱుగును కనుక ప్రతి నీతిని ఒక కంట కనిపెట్టియే వినును. ఈ ప్రాచీన పద్ధతిలో స్వానుభవ వ్యాసకర్తకు పనికివచ్చునది కలదు: సామాన్యసత్యము చెప్పక తప్పనిచో దానిని వ్యాసములోని ఒక మనిషి నోట, వ్యాసము నడుమ, ఏదో యొక అవసరముకొరకు పలికింపవచ్చును.

గుర్తుపట్టు విధము

నీతివాక్యము వచ్చుచున్నదని తెలిసికొనుటకు తెలుగున వ్యాకరణమే సాక్ష్యము చెప్పును. అంతవఱకు "నేను" అని నడచిన వ్యాసము ఒక్కమారుగా "మనము" అగును. అంతవఱకు "వచ్చెను, చూచెను, పోసితిని" అని భూతకాలమున సాగిన క్రియలు "వలెను, కూడదు, ఉండును" అను రూపములలోనికి మారును. సేరు, గోనె, అరచేయి అను వస్తువుల పేరులు పోయి జీవితము, విలువ, మానవత్వము అనునవి వచ్చి కూర్చుండును. ఈ మూడు మార్పులును ఒకే వాక్యమున జరిగినచో, వ్యాసకర్త తిరునాళ్ళ వీథినుండి లేచిపోయి వేదికనెక్కినాడని నిశ్చయింపవచ్చును. వ్రాతప్రతిలో ఆ వాక్యము క్రింద పెన్సిలుతో ఒక గీత గీయుట మొదటి పని.

రెండవది కాలమునకు సంబంధించిన పరీక్ష, ఇది కొంత కఠినమైనది. "ఆనాడే నాకు తెలిసినది" అని వ్రాసినచోట, నిజముగా ఆనాడే తెలిసినదా, లేక వ్రాయుబల్లయెదుట కూర్చున్నప్పుడు తెలిసినదా అని ప్రశ్నింపవలెను. ఆనాడే తెలిసినచో, ఆ తెలివి ఆ మరునాటి నడవడిలో ఎక్కడనో కనబడవలెను. కనబడనిచో, ఆ వాక్యము జ్ఞాపకము కాదు, పెద్దవాడైన వ్యాసకర్త బాలునికి తొడిగిన అంగరఖా. పెద్దవానికి ఇప్పుడు కలిగిన భావమును చెప్పుకొనుట దోషము కాదు, దానిని బాలుని మనస్సులో పెట్టుటయే దోషము.

ఈ పరీక్షనే మిత్రుని వ్యాసమునకు పెట్టినప్పుడు జరిగినది వివరముగ చెప్పెదను.

పాతకాయల ప్రశ్న

వృద్ధురాలు మరునాటి ఉదయము వచ్చి నిలుచున్న తరువాత ఏమి జరిగినదో వ్యాసమున లేదు. ఆ చూపునుండి నేరుగా నీతి. కావున అక్కడినుండియే అడుగ మొదలిడితిని.

"ఆమె వచ్చింది, చూసింది. మీ నాన్నగారు ఏమన్నారు?"

"ఏమీ అనలేదండీ. సంచి తీసుకొని గోనెమీద కుమ్మరించి, కొత్తవి కొలిచి పోసినాడు. చదును చేసినాడు. కొసరు మాత్రం వెయ్యలేదు. ఆమె వెళ్ళిపాయ."

"మీరెక్కడున్నారు?"

"సంచుల ఎనకాల."

"మరి ఆమె తిరిగిచ్చిన ఆ పాతకాయలు ఏం చేసినారు?"

ఆయన చేతిలోని కాగితములను సర్దుకొనుచు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "మళ్ళీ అడుక్కే పోసినాం. మధ్యాహ్నంలోగా అమ్ముడుపోయినాయి. ఈసారి పోసింది నేనే, నాన్న చెప్పకుండానే," అనెను.

చివరి పేరా కప్పినది దీనినే. "ఆ చూపు నాకు నిజాయితీ నేర్పినది" అను వాక్యము అసత్యమని ఆయన నోటనే తేలెను. ఆ చూపు నేర్పినది, ఆ పూటకు, చెప్పించుకొనకుండ పోయుట. ఇచ్చట గమనింపవలసినదేమనగా, ఆయన బుద్ధిపూర్వకముగ దాచలేదు. వ్రాయుచు వ్రాయుచు ఆ స్థలమునకు వచ్చునప్పటికి కలము తనంతట తానే "జీవితము" అను పదమువైపు తిరిగెను. మనస్సు ముందుకు పోలేని చోట భాష ఒక నానుడిని అందించును, దాని నునుపే అనుమానింపవలసిన గుర్తు.

అడుగగా మఱి రెండు సంగతులు వెలువడెను. మొదటిది: ఆ యేడు వానలు ఆలస్యమగుటచే ఒక చేను విత్తకుండ మిగిలిపోయెను, ముక్కిపోయిన కాయలు ఆ చేనికై దాచిన విత్తనపు కాయలు. అనగా తండ్రి మోసమునకై వాటిని ఎక్కడనుండియో తెచ్చినవాడు కాడు, నష్టమును సేరు అడుగున పంచిపెట్టదలచినవాడు. రెండవది: ఆ సాయంకాలము తండ్రి కొడుకును చిక్కపేటకు తీసికొనిపోయి తోలుచెప్పులు కొనిపెట్టెను. పెరుగు కాలు కనుక ఒక సైజు పెద్దవి కొనెను.

కడపటి స్థానము

ఇప్పుడు చేతిలో నీతి లేదు, నాలుగు వాస్తవములున్నవి: వృద్ధురాలి రాక, పాతకాయలను తిరిగి పోయుట, విత్తని చేను, చెప్పులు. వీనిలో దేనితో ముగింపవలెను? మొదట మిత్రుడు నాలుగింటిని విడిచి వేఱు మార్గములు వెదకెను, అవి యెందుకు పనికిరాలేదో చెప్పుట పాఠకులకు ఉపయోగించును.

రాత్రి తిరునాళ్ళు ముగిసి, నిర్జనమైన వీథిలో వేరుసెనగ పొట్టు గాలికి దొర్లుచుండెనని ఒక ముగింపు వ్రాసెను. వాక్యము మనోహరముగ నుండెను. అయితే ఆ సమయమున ఆయన చిక్కపేటనుండి బస్సునిలయమునకు పోయి యుండెను, ఆ వీథిని చూడలేదు. అంతకంటె ముఖ్యముగ, ఆ పొట్టు మొదటి నీతివాక్యము చేసిన పనినే చేయుచుండెను. పాఠకుని చూపును పాతకాయలనుండి మఱల్చి, ఏదో గంభీరమైనది జరిగినదన్న భ్రమను కలిగించుచుండెను. నీతిని తప్పించుకొనగోరు రచయితలు ఈ గుంటలో పడుట నేడు మిక్కిలి సాధారణమైనది. మసక వెలుతురు, ఆగిన వాన, తెఱచియుంచిన తలుపు ఇవియు నీతివాక్యములే, పలుకని నీతివాక్యములు.

నిరుటి తిరునాళ్ళలో ఒక రైతుబాలునివద్ద తాను కాయలు కొన్నట్లు మఱియొక ముగింపు. అది జరిగినమాట నిజమే. కాని ఆ కొనుగోలు సమయమున మీ మనస్సునకు ఏమి తోచినదని అడుగగా, చిల్లర లేకపోవుట తప్ప మరేమియు తోచలేదనెను. ఆద్యంతములు కలిసినందున వ్యాసము పూర్తియైనట్లు కనబడును గాని, అరువదేండ్ల నడిమి కాలమును అది ఉత్తదిగ చేసివేయును. "తప్పు ఎవరిది?" అను ప్రశ్నతో ముగించుట మూడవ ప్రయత్నము. వ్యాసకర్తకు సమాధానము తెలిసియుండగా పాఠకుని అడుగుట వినయమువలె కనబడు తప్పుకొనుట.

కావున తిరిగి నాలుగు వాస్తవములకే వచ్చితిమి, వచ్చి, స్థానమును గూర్చి ఆలోచించితిమి. వ్యాసమున చివర నిలిచిన సంగతి, అది ఎంత చిన్నదైనను, తీర్పువలె వినబడును. విత్తని చేనిని చివర పెట్టినచో అది తండ్రికి విడుదల: పాపము, కష్టములో నుండెను, అందువలన చేసెను అని పాఠకుడు పుస్తకము మూయును. వృద్ధురాలి రాకను చివర పెట్టినచో అది శిక్ష. పాతకాయలను తిరిగి పోయుటను చివర పెట్టినచో, బాలుడు ఘోరుడని తానే చాటుకొన్నట్లయి, ఆ కఠినత్వమే ఒక విధమైన గొప్ప అగును. తన తప్పును మిక్కిలి బిగ్గరగా ఒప్పుకొనువాడు తఱచు మెప్పునకై చేయి చాచియుండును. ఒక్క నీతిపదము లేకున్నను, ఈ మూడింటిలో ప్రతిదియు వ్యాసమును ఒక ప్రక్కకు త్రాసువలె వంచివేయును.

మిత్రుని చెల్లెలు వ్రాతప్రతి విని, "నాన్న చేసింది నిజమే అన్నా. ఆ వాన సంగతి గూడా రాయి," అనెను. న్యాయమైన కోరిక. ఆ సంగతిని తప్పక వ్రాయవలసినదే, కాని ఎక్కడ అన్నదే ప్రశ్న. చివర వ్రాసిన అది తండ్రి తరపు వాదమగును. మొదటి పుటలలో, కాయలను సంచులకెత్తుచున్నప్పుడు, ఈ మూట విత్తని చేనిదని చెప్పిపోయినచో అది కేవలము ఒక సంగతి, పాఠకుడు దానిని మోసికొనియే తిరునాళ్ళకు వచ్చును, సేరు నిండునప్పుడు అడుగున ఉన్నవేవో తానే ఎఱిగియుండును. ఆ విధముగనే ఆయన సవరించెను. వృద్ధురాలి రాక, పాతకాయలను తిరిగి పోయుట జరిగిన వరుసలోనే, "నేనే పోసితిని" అను మాటకు ఎట్టి విశేషణమును లేకుండ నిలిచెను. ఆ తరువాత చిక్కపేట, చెప్పులు, ఒక సైజు పెద్దవి. చివరి వాక్యము: ఆ చెప్పులు నాకు రెండేండ్లు వచ్చినవి.

ఈ వాక్యము ఎందుకు నిలిచినదో చెప్పవచ్చును. అది సత్యము, అప్పటివఱకు చెప్పబడనిది, చెప్పువానినే తాకునది. తండ్రిది ప్రేమయా పొదుపా, బాలునికి ఆ చెప్పులు బరువయ్యెనా సంతోషమిచ్చెనా అను విషయములలో అది ఒక ప్రక్కకు మొగ్గదు, ఏలయన రెండేండ్లలో అన్నియు ఇముడును. "ప్రతి యడుగునను ఆ వృద్ధురాలు జ్ఞప్తికి వచ్చెను" అని ఒక తోక తగిలింపవలెనని ఆయనకు కోరిక పుట్టెను. వచ్చెనా అని అడిగితిని. రాలేదట.

మౌల్మెయినులో ఒక కోరంగి కూలీ

ఇంతమాత్రముచేత స్వానుభవ వ్యాసమున ఆలోచనకు తావులేదనియు, వాస్తవములు పేర్చి ఊరకుండవలెననియు ఎవరైన తలంచినచో, జార్జి ఆర్వెల్ 1936లో ప్రకటించిన "షూటింగ్ యాన్ ఎలిఫెంట్" అను వ్యాసమును చూడవలెను. అది మనవారికి మఱియొక కారణమున సన్నిహితమైనది. బర్మాలోని మౌల్మెయినున మదపుటేనుగు త్రొక్కి చంపిన కూలీ భారతీయుడు. వ్యాసము చివర తెల్లదొరల నోట అతడు కోరంగి కూలీ. కాకినాడ సమీపమున నున్న కోరంగి రేవు పేరనే బర్మాలో తెలుగు కూలీలను పిలిచెడివారు. ఆర్వెల్ అప్పుడు అచ్చట పోలీసు అధికారి. తుపాకి చేతబట్టి వచ్చునప్పటికి ఏనుగు శాంతించి గడ్డి మేయుచుండెను, దానిని చంపనవసరము లేదు. వెనుక వేలాది జనులు చూచుచున్నందున, వారి యెదుట నవ్వులపాలు కాకూడదని చంపెను.

ఇందు సామ్రాజ్యతత్త్వమును గూర్చిన విశాలమైన ఆలోచన ఒకటి కలదు: పరులను పాలింపబోయినవాడు మొదట తన స్వేచ్ఛనే పోగొట్టుకొనునని. పాఠశాల పద్ధతిననుసరించు వ్యాసకర్త దానిని తప్పక చివర పెట్టియుండును. ఆర్వెల్ దానిని నడుమ పెట్టెను, తుపాకి ఎత్తుటకు ముందు, జనసమూహము వెన్నంటి నిలిచియున్న క్షణమున. అక్కడ అది ఉపదేశము కాదు, చిక్కుకొన్నవాని తలలోని ఆలోచన. అది తెలిసియు అతడు తుపాకి పేల్చెను, కావున ఆ తెలివి ఎంత నిష్ప్రయోజనమో వెంటనే తేలిపోవును. చివర నున్నవి చిన్నవి, అల్పమైనవి: ఏనుగు విలువ కూలీ విలువకంటె అధికమని పడుచు దొరలు వాదించుట, కూలీ చచ్చుటచే తన చర్యకు చట్టము అండ లభించినదని తాను సంతోషించుట, కేవలము నవ్వులపాలు కాకుండుటకే తానట్లు చేసితినని ఎవరైన గ్రహించిరా అని సందేహించుట. పెద్దమాట నడుమను, చిన్నమాట చివరను. ఆ చిన్నమాట వ్రాయువానికే తగులును.

మిత్రుని మొదటి ప్రతిలోని నీతియు ఈ ఉపాయముచేతనే పూర్తిగ పోకుండ నిలిచెను. ఎట్లు సంపాదించితిమన్నదే ముఖ్యమను మాటను నిజముగ ఎవరు అనెడివారని అడుగగా, తండ్రియే తఱచు అనెడివాడనియు, బెంగళూరు వచ్చునప్పుడు లారీలో సయితము అనెననియు తెలిసెను. ఇప్పుడది రెండవపుటలో, ముక్కిన కాయల మూటకు ఆనుకొని కూర్చున్న తండ్రి నోట ఉన్నది.

ఇది చెల్లని చోట్లు

ప్రతి వ్యాసమునకును ఈ నియమము వర్తింపదు. పానుగంటివారి సాక్షిలో జంఘాలశాస్త్రి లేచి ఉపన్యసించునప్పుడు మనము వినగోరునది వాదము. వాదమునకు సిద్ధాంతము చివర నుండుట సహజము, దానిని తొలగించిన ఉపన్యాసము తెగిపోవును. సంపాదకీయమునకును, సంస్మరణ సభలోని ప్రసంగమునకును, తండ్రి బిడ్డకు వ్రాయు లేఖకును తేల్చిచెప్పుట ధర్మమే. తనకు జరిగినదే విషయముగ గల వ్యాసమునందు మాత్రమే నేను చెప్పిన సందేహము అవసరము.

అట్టి వ్యాసములలోను ఈ పద్ధతికి లొంగనివి కొన్ని కలవు. చివరి పేరాను తీసి, తరువాత ఏమి జరిగెను, ఆ వస్తువు ఏమయ్యెను, అప్పుడు మీరెక్కడ ఉంటిరి అని ఎన్ని విధముల ప్రశ్నించినను క్రింద ఏమియు దొరకకపోవచ్చును. జరిగినదంతయు ముందే చెప్పబడియుండును, కప్పబడిన వాస్తవమేదియు ఉండదు. అప్పుడు లోపము ముగింపులోనిది కాదు, వ్యాసమే నీతికొరకు పుట్టినది, అనుభవము దానికి వెదకి తెచ్చిన ఉదాహరణము. అట్టిదానికి ఎంత చక్కని చివరి వాక్యము కూర్చినను ప్రయోజనము లేదు. మిత్రునివద్ద అట్టివి రెండున్నవి: ఒకటి ఉద్యోగవిరమణ దినమును గూర్చినది, మఱియొకటి కాశీయాత్రను గూర్చినది. రెండింటికిని ముగింపు వెదకుట ఆయన మానుకొనెను. కాశీయాత్రలో పడవవాడు చిల్లర తిరిగియిచ్చిన నాలుగు పంక్తులను మాత్రము విడదీసి, వేఱొక వ్యాసమునకై ప్రక్కన పెట్టుకొనినాడు.